షీట్ మెటల్ వంపు: చదును పొడవు లెక్క

వంచిన తర్వాత కోరిన కొలతలు రావాలంటే వంచకముందు రేకును ఎంత పొడవుకు కత్తిరించాలో చెప్పే కొలతే చదును పొడవు. వర్క్‌షాపుల్లో దీన్ని ఫ్లాట్ లెంగ్త్ అనీ డెవలప్డ్ లెంగ్త్ అనీ పిలుస్తారు. డ్రాయింగులో ఉండేది వంగిన వస్తువు కొలత. షియరింగ్ మెషిన్‌కీ లేజర్ కటింగ్‌కీ ఇవ్వవలసింది మాత్రం చదును రేకు కొలత. వంపు దగ్గర లోహం సాగుతుంది కాబట్టి ఈ రెండూ సమానం కావు. తేడాను లెక్కకట్టడానికి నాలుగు సంగతులు కావాలి: రేకు మందం, వంపు లోపలి రేడియస్, వంపు కోణం, కె-ఫ్యాక్టర్. మొదటి మూడూ పరికరాలతో కొలవగలిగినవి. నాలుగోది లెక్కకట్టి తీసేది.

ఈ వ్యాసం ప్రెస్ బ్రేక్ మీద వి-డైలో చేసే ఎయిర్ బెండింగ్‌ను, అందులోనూ 2 మి.మీ. సిఆర్‌సిఎ షీట్‌ను ఆధారంగా తీసుకుంటుంది. ప్యానెల్ బోర్డులు, క్యాబినెట్లు, బ్రాకెట్లు ఎక్కువగా ఇలాంటి షీట్‌తోనే తయారవుతాయి.

వంపులో లోహానికి ఏమవుతుంది

రేకును వంచినప్పుడు దాని వెలుపలి ముఖం సాగుతుంది, లోపలి ముఖం నొక్కుకుపోతుంది. ఈ రెండింటి నడుమ సాగకుండా, కుంచించుకుపోకుండా తన పాత పొడవునే నిలుపుకునే పొర ఒకటి ఉంటుంది. దాన్ని తటస్థ పొర అంటారు, అడ్డుకోతలో చూస్తే తటస్థ అక్షం. చదును పొడవు లెక్కంతా ఈ పొర మీదే నిలబడింది. వంచక ముందూ వంచిన తర్వాతా దాని పొడవు ఒక్కటే కాబట్టి, వంపులో ఆ పొర గీసే చాపం ఎంత పొడవుందో తెలిస్తే వంపుకు ఎంత రేకు ఖర్చయిందో తెలిసినట్టే.

2 మి.మీ. రేకును 2.5 మి.మీ. లోపలి రేడియస్‌తో 90 డిగ్రీలు వంచామనుకుందాం. లోపలి ముఖం మీద చాపం పొడవు 3.93 మి.మీ., వెలుపలి ముఖం మీద 7.07 మి.మీ. వస్తుంది. అసలు ఖర్చయిన రేకు ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. సరిగ్గా ఎక్కడ అన్నది తటస్థ పొర స్థానాన్ని బట్టి తేలుతుంది.

కొద్దిగా మాత్రమే వంగి, వదిలేస్తే తిరిగి నిటారుగా అయ్యే రేకులో తటస్థ పొర మందానికి నట్టనడుమ ఉంటుంది. ప్రెస్ బ్రేక్ మీద చేసే వంపు అలాంటిది కాదు. అక్కడ లోహం శాశ్వతంగా రూపు మారుతుంది. పై ఉదాహరణలోనే వెలుపలి ముఖం దాదాపు మూడో వంతు సాగుతుంది. అంతగా సాగిన చోట మందం కాస్త తగ్గుతుంది. తటస్థ పొర నట్టనడుమ నుంచి లోపలి ముఖం వైపు జరుగుతుంది. మందంతో పోల్చి రేడియస్ ఎంత చిన్నదైతే ఈ జరుగుడు అంత ఎక్కువ. రేడియస్ మందానికి అయిదారు రెట్లు దాటితే జరుగుడు దాదాపు కనిపించదు.

కె-ఫ్యాక్టర్

లోపలి ముఖం నుంచి తటస్థ పొర ఎంత దూరంలో ఉందో, ఆ దూరాన్ని రేకు మందంతో భాగిస్తే వచ్చే నిష్పత్తే కె-ఫ్యాక్టర్. దానికి యూనిట్ లేదు. పొర నట్టనడుమ ఉంటే K విలువ 0.5. లోపలికి జరిగేకొద్దీ అది తగ్గుతుంది. షీట్ మెటల్ పనిలో సాధారణంగా 0.33 నుంచి 0.5 వరకు విలువలు ఎదురవుతాయి. రేడియస్ ఇంచుమించు మందమంత ఉండే మైల్డ్ స్టీల్ ఎయిర్ బెండింగ్‌లో 0.40 నుంచి 0.45 వరకు వాడటం మామూలు.

ఇక్కడ ఒక అపోహ బాగా పాతుకుపోయి ఉంది. సాంద్రతలాగా, కరిగే ఉష్ణోగ్రతలాగా కె-ఫ్యాక్టర్ కూడా లోహానికి సహజంగా ఉండే గుణమని చాలామంది అనుకుంటారు. నిజానికి లోహం దాన్ని నిర్ణయించే వాటిలో ఒకటి మాత్రమే. రేడియస్‌కీ మందానికీ ఉన్న నిష్పత్తి, వంచిన పద్ధతి, వాడిన డై కూడా దాన్ని మారుస్తాయి. ఒకే షీట్‌ను ఒక డైలో వంచితే ఒక విలువ, మరో డైలో వంచితే మరో విలువ రావచ్చు. అందుకే రేడియస్ చెప్పకుండా కె-ఫ్యాక్టర్ ఒక్కటే చెబితే ఆ సమాచారం సగమే.

సూత్రాలు

వంపుకు ఖర్చయ్యే రేకు పొడవును బెండ్ అలవెన్స్ అంటారు. ఇది తటస్థ పొర గీసే చాపం పొడవు. లోపలి రేడియస్ R, మందం T, లోహం తిరిగిన కోణం A డిగ్రీలైతే:

```
BA = (π / 180) × A × (R + K × T)
```

90 డిగ్రీల వంపుకు ముందున్న గుణకం 1.5708 అవుతుంది. వంపు మొదలయ్యే చోటుకూ ముగిసే చోటుకూ అటూ ఇటూ ఉన్న తిన్నని భాగాల పొడవులకు దీన్ని కలిపితే చదును పొడవు వస్తుంది.

డ్రాయింగులో మాత్రం తిన్నని భాగం పొడవు నేరుగా ఉండదు. వెలుపలి ముఖాలను పొడిగిస్తే కలిసే ఊహా మూల వరకు కొలత ఇస్తారు. వెర్నియర్‌తో కొలవడానికి అనువైనదీ అదే. ఆ ఊహా మూల నుంచి వంపు మొదలయ్యే చోటు వరకు ఉన్న దూరం సెట్‌బ్యాక్:

```
SB = tan(A / 2) × (R + T)
```

వంపుకు రెండు వైపులా ఒక్కో సెట్‌బ్యాక్ ఉంటుంది. వెలుపలి కొలతలు రెంటినీ కూడితే వచ్చే మొత్తం అసలు రేకు కన్నా ఎక్కువ. ఆ ఎక్కువైన పొడవును తీసేయాలి. తీసేయవలసిన ఆ పొడవే బెండ్ డిడక్షన్:

```
BD = 2 × SB − BA
చదును పొడవు = వెలుపలి కొలతల మొత్తం − (BD × వంపుల సంఖ్య)
```

అన్ని వంపులూ ఒకే కోణంలో, ఒకే రేడియస్‌తో ఉన్నప్పుడే చివరి వరుసలోని గుణకారం చెల్లుతుంది. లేకపోతే ఒక్కో వంపుకు విడిగా డిడక్షన్ కట్టి తీసేయాలి. అలవెన్స్ దారిలో వెళ్లినా డిడక్షన్ దారిలో వెళ్లినా జవాబు ఒకటే రావాలి. రెండు దారుల్లోనూ కట్టి పోల్చుకుంటే కూడికలో దొర్లిన తప్పు వెంటనే బయటపడుతుంది.

ఒక ఛానల్ లెక్క

2 మి.మీ. సిఆర్‌సిఎ షీట్‌తో యు ఆకారపు ఛానల్ చేయాలి. వెలుపలి కొలతల్లో అడుగు 100 మి.మీ., రెండు ఫ్లేంజ్‌లు చెరో 40 మి.మీ. రెండు వంపులూ 90 డిగ్రీలే. వాడేది 16 మి.మీ. నోరున్న వి-డై. దానిలో లోపలి రేడియస్ 2.5 మి.మీ. వస్తుంది. K విలువ 0.42 అనుకుందాం.

```
BA = 1.5708 × (2.5 + 0.42 × 2) = 5.25
SB = 1 × (2.5 + 2)             = 4.50
BD = 2 × 4.50 − 5.25           = 3.75
చదును పొడవు = 40 + 100 + 40 − 2 × 3.75 = 172.5
```

రెండో దారిలో సరిచూద్దాం. ఒక్కో ఫ్లేంజ్‌లో తిన్నని భాగం 35.5 మి.మీ. అడుగుకు రెండు కొసల్లోనూ సెట్‌బ్యాక్ పోతుంది కనుక దానిలో మిగిలేది 91 మి.మీ. వీటి మొత్తం 162. దానికి రెండు వంపుల 10.5 కలిపితే మళ్లీ 172.5 మి.మీ.

ఇక వంచే గీత ఎక్కడ పడాలి? అలవెన్స్‌లో సరిగ్గా సగం దగ్గర పడాలి. ఫ్లేంజ్ అంచు నుంచి చూస్తే ఆ దూరం వెలుపలి కొలత నుంచి డిడక్షన్‌లో సగం తీసేసినంత: 40 − 1.875, అంటే సుమారు 38.12 మి.మీ. బ్యాక్ గేజ్‌ను పెట్టవలసింది ఈ కొలతకే. రెండు గీతల మధ్య దూరం 100 − 3.75, అంటే 96.25 మి.మీ. ఈ మూడు ముక్కలనూ కూడితే మళ్లీ 172.5 రావాలి.

K విలువలో పొరపాటు జరిగితే కొలత ఎంత తప్పుతుందో కూడా ఇదే ఉదాహరణలో చూడవచ్చు. 2 మి.మీ. రేకులో 90 డిగ్రీల వంపుకు K లో 0.01 తేడా వస్తే పొడవులో సుమారు 0.03 మి.మీ. తేడా వస్తుంది. 0.42 బదులు 0.43 వాడినందువల్ల ఛానల్ పాడవదు. కానీ 0.33 వాడితే ఒక్కో వంపుకు 0.28 మి.మీ. చొప్పున, రెండు వంపులకు అర మిల్లీమీటరు పైగా పోతుంది. మందం పెరిగేకొద్దీ ఈ తేడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 6 మి.మీ. ప్లేటులో అదే పొరపాటు మూడింతలవుతుంది.

రేడియస్‌ను నిర్ణయించేది ఎవరు

డ్రాయింగు మీద R 2 అని రాసినంత మాత్రాన వంపులో 2 మి.మీ. రేడియస్ రాదు. ఎయిర్ బెండింగ్‌లో రేకు మూడు చోట్ల మాత్రమే ఆనుతుంది: వి-డై రెండు భుజాల మీద, పంచ్ మొన కింద. రేకు డై అడుగుకు తగలదు. వంపు తనంతట తాను ఒక రేడియస్‌కు స్థిరపడుతుంది. అది ముఖ్యంగా డై నోటి వెడల్పు మీదా లోహం బలం మీదా ఆధారపడుతుంది. మైల్డ్ స్టీల్‌లో ఆ రేడియస్ నోటి వెడల్పులో సుమారు 16 శాతం ఉంటుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 20 శాతం, లేదా కాస్త పైన. మెత్తటి అల్యూమినియంలో మైల్డ్ స్టీల్ కన్నా తక్కువ. పంచ్ మొన రేడియస్ ఈ సహజ రేడియస్ కన్నా పెద్దదైతేనే వంపు పంచ్ రేడియస్‌ను అనుసరిస్తుంది.

పలుచటి షీట్‌కు డై నోరు మందానికి ఎనిమిది రెట్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. 2 మి.మీ. షీట్‌కు 16 మి.మీ. డై అందుకే. దానిలో 16 శాతం 2.56. ఉదాహరణలో 2.5 తీసుకోవడానికి ఆధారం ఇదే.

ఇప్పుడు 16 డై ఖాళీగా లేక ఆపరేటర్ 12 మి.మీ. డై బిగించాడనుకుందాం. రేడియస్ సుమారు 1.92కు పడిపోతుంది. K మారలేదనుకున్నా డిడక్షన్ 3.75 నుంచి 3.5కు దిగుతుంది. బ్లాంక్ మాత్రం 172.5 మి.మీ.కే కోసి ఉంది. ఆపరేటర్ మొదటి ముక్కను కొలిచి, బ్యాక్ గేజ్ సవరించి ఫ్లేంజ్‌లు రెండూ 40కి తెస్తాడు. అప్పుడు తప్పంతా అడుగు మీద పడుతుంది: 172.5 + 7 − 80, అంటే 99.5 మి.మీ. లెక్కలో తప్పు లేదు, కోతలో తప్పు లేదు, అయినా ఛానల్ అర మిల్లీమీటరు కురచ. రేడియస్ నిజానికి డై చేతిలో ఉందనడానికి ఇదే నిదర్శనం. డ్రాయింగు గీసేవారికి షాపులో ఏ మందానికి ఏ డై వాడతారో ముందే తెలిసి ఉండాలి.

K విలువ ఎక్కడి నుంచి వస్తుంది

మూడు మూలాలు ఉన్నాయి: చేతిపుస్తకాల పట్టికలు, ప్రమాణాల సూత్రాలు, షాపులో చేసిన పరీక్ష.

అమెరికాలో 1914లో తొలిసారి వెలువడి ఇప్పటికీ కొత్త కూర్పులతో వస్తున్న మెషినరీస్ హ్యాండ్‌బుక్ 90 డిగ్రీల వంపుకు మూడు సూత్రాలు ఇస్తుంది. మెత్తటి రాగి, ఇత్తడికి ఒకటి. మెత్తటి ఉక్కు, అల్యూమినియం, సగం గట్టి రాగి వగైరాలకు రెండోది. కంచు, గట్టి రాగి, కోల్డ్ రోల్డ్ ఉక్కు, స్ప్రింగ్ ఉక్కుకు మూడోది.

```
L = 0.55 × T + 1.57 × R
L = 0.64 × T + 1.57 × R
L = 0.71 × T + 1.57 × R
```

వీటిలో కె-ఫ్యాక్టర్ పేరు కనిపించదు గానీ లోపల దాగి ఉంది. T ముందున్న గుణకాన్ని 1.5708తో భాగిస్తే వరుసగా 0.35, 0.41, 0.45 వస్తాయి. సిఆర్‌సిఎ కోల్డ్ రోలింగ్ అయిన తర్వాత ఎనీలింగ్‌తో మెత్తబరిచిన షీట్. కాబట్టి పేరులో కోల్డ్ రోల్డ్ అని ఉన్నా అది మూడో సూత్రానికి కాక రెండోదానికి దగ్గర.

జర్మన్ ప్రమాణం డిఐఎన్ 6935 మరో దారి పట్టింది. లోహం పేరు చూడకుండా, రేడియస్‌ను మందంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి నుంచే విలువ కడుతుంది:

```
k = 0.65 + 0.5 × log10(R / T)
```

నిష్పత్తి 5 దాటితే k ను 1గా తీసుకుంటారు. ఇక్కడ చిన్న అక్షరంతో రాసిన k, మనం వాడుతున్న K కి రెట్టింపు. నట్టనడుమ ఉంటే అది 1, మనది 0.5. ఈ తేడా గమనించకుండా పట్టికలోని అంకెను నేరుగా వాడితే లెక్క పూర్తిగా చెడుతుంది. మన ఉదాహరణకు ఈ సూత్రం 0.70 ఇస్తుంది, అంటే K విలువ 0.35. డిడక్షన్ 3.98 అవుతుంది. హ్యాండ్‌బుక్ రెండో సూత్రంతో కడితే 3.79. ఒకే వంపుకు రెండు పేరున్న మూలాలు దాదాపు 0.2 మి.మీ. తేడాతో జవాబిస్తున్నాయి. ఏదో ఒకటి తప్పని దీని అర్థం కాదు. రెండూ సగటు విలువలే. ఖచ్చితత్వం కావాలంటే మూడో మూలానికి వెళ్లక తప్పదు.

నమూనా ముక్కతో పరీక్ష

పనికి వాడే షీట్ నుంచే, పనికి వాడే డై మీదే ఒక ముక్కను వంచి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. సుమారు 50 మి.మీ. వెడల్పు, సరిగ్గా 100 మి.మీ. పొడవు ఉన్న ముక్కను కోసి, బర్రు తీసి, పొడవునూ మందాన్నీ కొలిచి రాసుకోవాలి. మందానికి షీట్ మీద రాసిన అంకెను నమ్మకుండా మైక్రోమీటరు వాడాలి. 2 మి.మీ. అని కొన్న షీట్ 1.9 ఉంటే డిడక్షన్ ఆ ఒక్క కారణంతోనే 0.13 మి.మీ. మారుతుంది. ఆ తర్వాత ముక్కను మధ్యలో 90 డిగ్రీలకు వంచి రెండు కాళ్లనూ వెలుపలి నుంచి కొలవాలి.

కాళ్లు 51.92, 51.80 వచ్చాయనుకుందాం. మొత్తం 103.72. అసలు పొడవు 100 కాబట్టి డిడక్షన్ 3.72. ఇక్కడి వరకు ఏ ఊహా లేదు, కె-ఫ్యాక్టర్ అవసరమూ లేదు. ఇప్పుడు రేడియస్ గేజ్‌తో లోపలి రేడియస్ కొలిస్తే 2.5 వచ్చింది. వెనక్కి నడిస్తే:

```
BA = 2 × 4.5 − 3.72        = 5.28
R + K × T = 5.28 / 1.5708  = 3.36
K = (3.36 − 2.5) / 2       = 0.43
```

పరీక్షలో జాగ్రత్త పడవలసింది కోణం దగ్గర. ఈ ముక్కలో కోణం ఒక డిగ్రీ తప్పితే డిడక్షన్ దాదాపు 0.1 మి.మీ. మారుతుంది. K లో చూస్తే అది 0.03 తేడా. పైగా మూల లంబంగా లేని ముక్కను వెర్నియర్‌తో కొలిస్తే కొలతే సరిగా రాదు. రేకుకు స్ప్రింగ్‌బ్యాక్ ఉంటుంది. పంచ్ పైకి లేవగానే వంపు కొంచెం విచ్చుకుంటుంది, స్టెయిన్‌లెస్‌లో ఇది మరీ ఎక్కువ. కాబట్టి డై మీద ఉన్నప్పటి కోణం కాకుండా బయటికి తీసిన తర్వాతి కోణాన్ని మూలమట్టంతోనో కోణమాపకంతోనో చూడాలి. తప్పితే మళ్లీ వంచి సరిచేశాకే కొలవాలి. ఇలా మూడు నాలుగు ముక్కలు చేసి సగటు తీసుకుంటే ఒక్కో కొలతలోని చిన్న తప్పులు కలిసిపోతాయి.

రేడియస్, K జంటగానే నడుస్తాయి

పై పరీక్షలో రేడియస్ కొలవకుండా డ్రాయింగులో ఉన్న 2 మి.మీ.నే వేసుకున్నారనుకుందాం. అప్పుడు అలవెన్స్ 8 − 3.72, అంటే 4.28. K విలువ 0.36 వస్తుంది. ఈ జంటను, అంటే R 2, K 0.36 ను, కంప్యూటర్‌లో పెడితే 90 డిగ్రీల వంపులన్నీ చక్కగా కుదురుతాయి. ఎందుకంటే రేడియస్‌లో ఉన్న తప్పును K తనలో దాచుకుంది. ఏళ్ల తరబడి ఇలాంటి జంటతో పని నడిచినా ఎవరికీ అనుమానం రాదు.

వేరే కోణం వచ్చిన రోజున అది బయటపడుతుంది. లోహం 120 డిగ్రీలు తిరిగే వంపుకు, అంటే రెండు ముఖాల మధ్య 60 డిగ్రీల కోణం మిగిలే వంపుకు, సరైన జంట 8.55 డిడక్షన్ ఇస్తుంది. తప్పు జంట 8.15 ఇస్తుంది. ఒక్క వంపుకే 0.4 మి.మీ. తేడా. చతురస్రపు పెట్టెలు సరిగా వస్తూ, ఏటవాలు అంచులున్న పనులు మాత్రం తప్పుతుంటే కారణం చాలావరకు ఇదే. అప్పుడు K ను అటూ ఇటూ జరిపి లాభం లేదు. రేడియస్ గేజ్ తీసి వంపు లోపలి రేడియస్‌ను మళ్లీ కొలవాలి.

కోణం విషయంలో వచ్చే పొరపాట్లు

సూత్రాల్లోని A లోహం తిరిగిన కోణం. డ్రాయింగుల్లో ఎక్కువగా కనిపించేది రెండు ముఖాల మధ్య ఉన్న కోణం. రెండింటి మొత్తం 180. తొంభై దగ్గర రెండూ ఒకటే కాబట్టి తికమక కనిపించదు. మధ్య కోణం 135 ఉన్న వంపును తీసుకుంటే తిరిగిన కోణం 45 డిగ్రీలు, డిడక్షన్ 1.1 మి.మీ. పొరపాటున A స్థానంలో 135 వేస్తే 13.9 మి.మీ. వస్తుంది. బ్లాంక్ దాదాపు 13 మి.మీ. కురచగా కోసినట్టు. ఒక చూపుతోనే దీన్ని పట్టుకోవచ్చు: కొద్దిగా వంగిన రేకుకు డిడక్షన్ 90 డిగ్రీల వంపుకన్నా తక్కువే ఉండాలి. ఎక్కువ వచ్చిందంటే కోణం తిరగబడింది.

రెండో పొరపాటు 90 దాటిన వంపుల్లో జరుగుతుంది. అక్కడ ఊహా మూల వస్తువుకు చాలా బయట పడుతుంది. దాన్ని కొలవడం కష్టం కాబట్టి చాలా డ్రాయింగుల్లో వంపు వెలుపలి ముఖానికి తగిలే స్పర్శరేఖ వరకు కొలత ఇస్తారు. అలాంటప్పుడు సెట్‌బ్యాక్‌కు బదులు ప్రతి వైపూ R + T మాత్రమే తీసుకోవాలి. డిఐఎన్ 6935 కూడా మధ్య కోణం 90 కన్నా తక్కువైన వంపులకు ఇదే పద్ధతి వాడుతుంది. పై 120 డిగ్రీల వంపునే K 0.42తో చూస్తే, మూల వరకు కొలిచిన కొలతకు డిడక్షన్ 8.6, స్పర్శరేఖ వరకు కొలిచినదానికి 2.0. లెక్క మొదలుపెట్టక ముందే డ్రాయింగులో బాణం ఎక్కడ ఆగిందో చూసుకోవాలి.

కంప్యూటర్ డిజైన్‌లో

సాలిడ్‌వర్క్స్, ఇన్వెంటర్, క్రియో వంటి సాఫ్ట్‌వేర్లు చదును రూపాన్ని వాటంతటవే విప్పి చూపిస్తాయి. అవి వాడేదీ ఈ సూత్రాలనే. ముందుగా నింపి ఉన్న విలువను మార్చకపోతే ఎవరి షాపుకూ చెందని లెక్క వస్తుంది. ఇన్వెంటర్ 0.44తో మొదలవుతుంది. క్రియోలో K కు బదులు Y-ఫ్యాక్టర్ కూడా ఇవ్వవచ్చు. అది K ను 1.5708తో గుణిస్తే వచ్చే సంఖ్య. Y-ఫ్యాక్టర్ గడిలో పొరపాటున 0.42 నింపితే అసలు K 0.27 అయిపోతుంది. మన 2 మి.మీ. రేకులో ఒక్కో వంపుకు దాదాపు అర మిల్లీమీటరు పోతుంది. సాలిడ్‌వర్క్స్‌లో K విలువతో పాటు అలవెన్స్ గానీ డిడక్షన్ గానీ నేరుగా ఇవ్వవచ్చు, షాపు సొంత పట్టికను కూడా జోడించవచ్చు. పరీక్షలో కొలిచింది డిడక్షనే కాబట్టి, 90 డిగ్రీల వంపులు మాత్రమే చేసే షాపు ఆ డిడక్షన్ పట్టికనే వాడుకోవడం మేలు.

లెక్క పనిచేయని చోట్లు

ఈ సూత్రం వంపును శుద్ధమైన వృత్త చాపంగా భావిస్తుంది. కొన్ని చోట్ల ఆ భావన నిలవదు. మందంతో పోల్చి పంచ్ మొన మరీ పదునుగా ఉంటే అది లోపలి ముఖాన్ని వంచడానికి బదులు గాడిలా తొలుస్తుంది. అక్కడ మందం తగ్గిపోతుంది, రేడియస్ అన్న మాటకు అర్థం ఉండదు. డై అడుగు వరకు బలంగా అదిమే కాయినింగ్‌లోనూ లోహం నలిగి పలచబడుతుంది కాబట్టి ఎయిర్ బెండింగ్‌కు తీసిన K దానికి పనికిరాదు. అంచును పూర్తిగా వెనక్కి మడిచే హెమ్‌లో తిరిగిన కోణం 180 డిగ్రీలు. అక్కడ tan విలువ అనంతం కాబట్టి సెట్‌బ్యాక్ సూత్రం పనిచేయదు. ఒక ముక్కను మడిచి ఎంత పొడవు పోయిందో కొలవడమే దానికి దారి. పెద్ద రేడియస్ వంపుల్లో K 0.5 దగ్గరే ఉంటుంది గనుక దానితో ఇబ్బంది లేదు. అక్కడ ఇబ్బంది స్ప్రింగ్‌బ్యాక్‌తో. వదిలేశాక రేడియస్ ఎంత పెరిగిందో చూసి, ఆ పెరిగిన రేడియస్‌నే లెక్కలో వేయాలి.

కొత్త లాట్ షీట్ వచ్చినా, డై మారినా, డై భుజాలు అరిగినా పాత డిడక్షన్ కొద్దిగా జరుగుతుంది. కొలతల్లో 0.5 మి.మీ. సందు ఉన్న పనికి పట్టికలోని K చాలు. అంతకన్నా బిగువైన పనికి మాత్రం ఆ రోజు వాడే షీట్ నుంచి, ఆ రోజు వాడే డై మీద వంచిన నమూనా ముక్క కొలతనే ప్రమాణంగా తీసుకోవాలి.